స్టాప్ లాస్ కొట్టి వెనక్కి తిరిగే ధర

(చార్టులు చదవడం నేర్చుకుంటున్నవారి కోసం చేసిన ప్రసంగం, మధ్యలో వచ్చిన ప్రశ్నలతో సహా)

కూర్చోండి, కూర్చోండి. వెనక వరుస దాకా వినిపిస్తోందా? సరే.

ఇందాక ఒక తమ్ముడు చీటీ పంపాడు. చదువుతాను. "సార్, సపోర్ట్ దగ్గర కొంటాను. స్వింగ్ లో కి కాస్త కింద స్టాప్ లాస్ పెడతాను. ధర అక్కడిదాకా వచ్చి, నా ఎస్ఎల్ కొట్టేసి, మళ్ళీ నేను అనుకున్న వైపే పోతుంది. ప్రతిసారీ ఇదే వరస. నా స్టాప్ ఎవరికైనా కనిపిస్తోందా?"

(నవ్వులు)

నవ్వకండి, ఈ గదిలో సగంమంది రాయగల చీటీ ఇది. ఇవాళ మూవింగ్ యావరేజీల గురించి మాట్లాడదామని వచ్చాను కానీ, అవి ఎక్కడికీ పోవు. ఈ చీటీ సంగతే చూద్దాం.

ముందు చివరి ప్రశ్నకు జవాబు. నీ స్టాప్ ఎవరికీ కనిపించదు నాయనా. ట్రిగ్గర్ కాని స్టాప్ ఆర్డర్ సాధారణంగా మార్కెట్ డెప్త్‌లో కనబడదు. కనబడినా నీ వంద షేర్ల కోసం ఎవరూ ధరను కిందకి లాగరు, వాళ్ళకు గిట్టదు. కానీ నువ్వు చూస్తున్న చార్టే వేలమంది చూస్తున్నారు. నీకు కనిపించిన స్వింగ్ లో, అంటే ధర దిగి మళ్ళీ లేచిన ఆ అడుగు, వాళ్ళకూ కనిపించింది. నువ్వు చదివిన పాఠమే వాళ్ళూ చదివారు, "స్వింగ్ లో కింద స్టాప్ పెట్టు" అని. కాబట్టి నీ ఒక్కడి ఆర్డర్ ఎవరికీ తెలియకపోయినా, అక్కడ ఒక కుప్ప ఉందని అందరికీ తెలుసు.

ఆ కుప్ప ఏమిటో సరిగ్గా అర్థం చేసుకోవాలి. మీరు కొని ఉన్నారు. కింద పెట్టిన స్టాప్ లాస్ అంటే అమ్మకం ఆర్డర్. ధర అక్కడ తాకగానే అది సాధారణంగా "ఎంతకైనా అమ్మెయ్" అనే మార్కెట్ ఆర్డర్‌గా మారిపోతుంది. అలాంటివి ఒకేచోట వందలు ఉంటే, తాకిన క్షణంలో అమ్మకం వెల్లువ వస్తుంది. ధర ఇంకాస్త జారుతుంది, జారి కింద ఉన్న స్టాపులను కూడా లేపుతుంది. ఇప్పుడు అవతలి వైపు చూడండి. పెద్ద మొత్తం కొనాల్సినవాడు ఒకడున్నాడు. వాడు మామూలు సమయంలో అంత కొంటే తన కొనుగోలుతోనే ధర పెరిగిపోతుంది. వాడికి కావాల్సింది, ధర చూడకుండా అమ్మేవాళ్ళు గుంపుగా దొరకడం. స్టాపుల కుప్ప పేలిన చోట అది దొరుకుతుంది. దీనికి కుట్ర అక్కర్లేదు. కొనేవాడు ఓపిగ్గా అక్కడ కాచుకుని ఉంటే చాలు.

ఇది ఊహాగానం అనుకునేవాళ్ళకు ఒక మాట. కరెన్సీ మార్కెట్‌లో అసలు ఆర్డర్ల రికార్డులే తీసుకుని కేరొల్ ఆస్లర్ అనే ఆర్థికవేత్త పరిశోధన చేశారు, 2003లో జర్నల్ ఆఫ్ ఫైనాన్స్‌లో అచ్చయింది. లాభం తీసుకునే ఆర్డర్లు సరిగ్గా గుండ్రటి అంకెల మీద పోగుపడతాయి. స్టాప్ లాస్ ఆర్డర్లు మాత్రం ఆ అంకెను దాటీదాటగానే పోగుపడతాయి. అమ్మకపు స్టాపులైతే అంకెకు కాస్త కింద, కొనుగోలు స్టాపులైతే కాస్త పైన. గుండ్రటి అంకె దగ్గర ధర చాలాసార్లు ఆగడానికీ, దాటితే గబగబా పరిగెత్తడానికీ ఈ పోగులు ఒక కారణం.

ఇక చీటీలో నాకు నచ్చని మాట ఒకటుంది. "ప్రతిసారీ." దీని మీద కొంచెంసేపు ఆగుతాను, ఎందుకంటే ఇక్కడ తేడా పడితే తర్వాత చేసే మరమ్మతంతా దండగ.

ఒక నాణెం ఎగరేద్దాం. బొమ్మ పడితే ధర ఒక పాయింట్ పైకి, బొరుసు పడితే ఒక పాయింట్ కిందకి. ఇందులో ఆపరేటర్ లేడు, కుట్ర లేదు, సపోర్ట్ అంతకంటే లేదు. కింద ఎక్కడో మన స్టాప్ గీత గీశాం. ధర తిరిగి తిరిగి ఆ గీతను తాకింది. తాకిన క్షణం నుంచి పైకీ కిందకీ అవకాశం సమానమే కదా? అంటే సాయంత్రం ఆట ముగిసేసరికి దాదాపు సగం సార్లు ధర ఆ గీతకు పైనే ఉంటుంది. వట్టి నాణెమే మీ స్టాప్ కొట్టి సగం సార్లు వెనక్కి వస్తుంది! కాబట్టి "కొట్టింది, మళ్ళీ పైకొచ్చింది" అన్నది దేనికీ రుజువు కాదు. స్టాప్ కొట్టి అలాగే పాతాళానికి పోయిన ట్రేడులు మనకు గుర్తుండవు. హమ్మయ్య, బతికిపోయాం అనుకుని మర్చిపోతాం. వెనక్కి వచ్చినవే నిద్ర పట్టనివ్వవు.

మరి ఏది రుజువు? స్టాప్ కొట్టిన తర్వాత ధర మీ టార్గెట్ దాకా వెళ్ళిందా అన్నది చూడాలి. అదీ ఒక హద్దు పెట్టుకుని. మీ స్టాప్ దూరం 8 పాయింట్లు, టార్గెట్ 16 పాయింట్లు అనుకోండి. స్టాప్ కొట్టాక చార్ట్ మూసెయ్యొద్దు. అక్కడి నుంచి ఇంకో 8 పాయింట్లు కిందకి పోవడం ముందు జరిగిందా, టార్గెట్ తాకడం ముందు జరిగిందా రాసుకోండి. నాణెం లెక్క ప్రకారం కింద హద్దు 8 దూరంలో, పైన టార్గెట్ 24 దూరంలో ఉన్నాయి. పైది ముందు తాకే అవకాశం 32లో 8, అంటే నాలుగింట ఒక వంతు. ఇది అదృష్టం వాటా. మీ డైరీలో స్టాప్ కొట్టిన ట్రేడులు ఓ నలభై పోగైన తర్వాత చూడండి. అందులో పదీ పన్నెండూ టార్గెట్‌కు వెళ్ళి ఉంటే మీ స్టాప్ తప్పేమీ లేదు, మీ ఎంట్రీలో పస లేదు. స్టాప్ ఎంత వెడల్పు చేసినా అది బాగుపడదు. ఇరవైకి పైగా వెళ్ళి ఉంటే మాత్రం, మీరు చార్ట్ సరిగ్గానే చదువుతున్నారు, స్టాప్ చోటే చెడింది. నాలుగైదు ట్రేడులు చూసి ఏదీ తేల్చకండి.

(సభలోంచి ఒకరు: టార్గెట్ మూడింతలు పెట్టుకుంటే?)

అప్పుడు పైదూరం పెరుగుతుంది, అదృష్టం వాటా ఐదింట ఒకటికి తగ్గుతుంది. స్టాప్ దూరాన్ని, కింది హద్దు నుంచి టార్గెట్ దాకా ఉన్న మొత్తం దూరంతో భాగించండి, అంతే.

సరే, తమ్ముడి డైరీలో రెండో సంగతే తేలిందనుకుందాం. చదవడం బాగుంది, చోటు చెడింది. ఇప్పుడు ఒక చార్ట్ గీస్తాను, బోర్డు వైపు చూడండి. అంకెలు నేను కల్పించినవి, తీరు మాత్రం మీరు వారానికోసారి చూసేదే.

డైలీ చార్ట్. రెండు వారాల తేడాతో రెండు అడుగులు పడ్డాయి, ఒకటి 482.6 దగ్గర, ఇంకోటి 482.4 దగ్గర. రెండూ దాదాపు ఒకే గీత మీద ఉన్నాయి. కంటికి ముద్దుగా ఉంటుంది, డబుల్ బాటమ్ అంటాం. ధర 500 దాకా పోయి మళ్ళీ దిగి, 490 దగ్గర ఒక పచ్చ క్యాండిల్ వేసింది. తమ్ముడు 490కి వంద కొన్నాడు. స్టాప్ 482. రెండో అడుగుకు అర పాయింట్ కింద కూడా కాదు. టార్గెట్ 506. మర్నాడు 487 దగ్గర ఓపెన్ అయింది. మొదటి గంటలోనే 482 పోయింది, వెంటనే 480 కూడా పోయింది, 478.8 దాకా దిగింది. అక్కడి నుంచి లేచి 486 దగ్గర క్లోజ్ అయింది. మరో ఆరు సెషన్లలో 507. తమ్ముడు 800 రూపాయల నష్టంతో బయట కూర్చుని చూస్తున్నాడు.

ఇక్కడ రెండు తప్పులున్నాయి, కలిసిపోయి ఒకటిగా కనిపిస్తాయి. విడదీద్దాం.

ఒకటి, దూరం. ఏటీఆర్ అంటే తెలుసు కదా, సగటున ఒక రోజులో ధర ఎంత ఊగుతుందో చెప్పే కొలత. వెల్స్ వైల్డర్ 1978లో ఇచ్చింది, 14 రోజుల సగటు. రోజు హై, లో మధ్య దూరమే కాకుండా నిన్నటి క్లోజ్ నుంచి పడిన గ్యాప్‌ను కూడా కలుపుకుంటుంది. మన చార్ట్‌లో ఏటీఆర్ 9 అనుకోండి. తమ్ముడి స్టాప్ 8 దూరంలో ఉంది. అతని టార్గెట్ చేరడానికి వారం కావాలి, స్టాప్ చూస్తే ఒక మామూలు రోజు ఊపుకు కూడా ఆగదు. మార్కెట్‌లో విశేషమేమీ జరగకపోయినా అది పోయేదే. ఇదెందుకు జరుగుతుందో కూడా చెప్తాను. సపోర్ట్ చూసింది డైలీ చార్ట్‌లో, స్టాప్ పెట్టింది ఐదు నిమిషాల చార్ట్ తెరిచి. ఐదు నిమిషాల చార్ట్‌లో 8 పాయింట్లు సముద్రంలా కనిపిస్తాయి. గీత ఏ టైమ్ ఫ్రేమ్‌దో, ఏటీఆర్ కూడా ఆ టైమ్ ఫ్రేమ్‌దే చూడాలి.

రెండు, చోటు. 482 అనేది అందరూ స్టాప్ పెట్టే చోటు. రెండు అడుగులు సమంగా పడ్డాయంటే కింద కుప్ప రెండింతలు ఉందని లెక్క. దాని కిందే 480, గుండ్రటి అంకె. అక్కడ ఇంకో కుప్ప. ఒకటి పేలితే రెండోదాన్ని లాగే దూరంలోనే ఉన్నాయి. చార్ట్ చూసినప్పుడు "సపోర్ట్ ఎక్కడ" అని అడుగుతాం బాగానే. "నాలాంటివాళ్ళ స్టాపులు ఎక్కడ" అని కూడా అడగాలి. ఆ ప్రశ్న వేసుకుంటే 482 దగ్గర ఎవరూ స్టాప్ పెట్టరు.

అయితే స్టాప్ ఎక్కడ పెట్టాలి? అడుగు నుంచి ఏటీఆర్‌లో సగం వదులుదాం, అంటే 4.5 పాయింట్లు. 480 కుప్ప కూడా పైనే ఉండిపోతుంది. 477.9 వస్తుంది, ఇంకాస్త వదిలి 477.5 అనుకుందాం. ఈ సగం అన్నది వేదవాక్కు కాదు, మీ డైరీయే చెప్పాలి. గెలిచిన ట్రేడులు తీసి, లాభంలోకి పోయే ముందు ధర మీకు ఎదురుగా ఎంత దూరం పోయిందో ఏటీఆర్‌లలో రాసుకోండి. నెగ్గిన వాటిలో చాలావరకు ఎంతలోపు ఆగాయో కనిపిస్తుంది, స్టాప్ దానికి కాస్త అవతల ఉండాలి.

(సభలోంచి: సార్, మరి నష్టం పెరుగుతుంది కదా?)

ఈ ప్రశ్న కోసమే చూస్తున్నాను. క్వాంటిటీ ముందు అనుకుంటే పెరుగుతుంది. తమ్ముడు "వంద కొంటా" అని ముందే అనుకున్నాడు, ఆ వందకు తట్టుకోగల నష్టం చూసి స్టాప్ పెట్టాడు. వరస తలకిందులైంది. ముందు పోగొట్టుకోగలిగే మొత్తం, 800 అనుకోండి. తర్వాత చార్ట్ చెప్పిన స్టాప్, 477.5. ఎంట్రీ 490 నుంచి అది 12.5 దూరం. 800ను 12.5తో భాగిస్తే 64. అరవై నాలుగు కొనండి. స్టాప్ పోయినా నష్టం అదే 800.

ఇక్కడితో కథ అయిపోలేదు. చాలామంది ఇక్కడే ఆపేసి, స్టాప్ వెడల్పు చేసుకుని ఇంటికెళ్ళి ఇంకో రకంగా నష్టపోతారు. 12.5 పెట్టి 16 కోసం ఆడుతున్నాం ఇప్పుడు. ఇంతకు ముందు 8 పెట్టి 16 అన్నప్పుడు మూడింట ఒకటి గెలిస్తే బ్రేక్ ఈవెన్. ఇప్పుడు వందకు నలభై నాలుగు గెలవాలి, బ్రోకరేజీ పక్కన పెట్టి. అంటే స్టాప్ సరైన చోట పెట్టగానే అసలు సంగతి బయటపడింది. 490 దగ్గర కొనడమే తొందర! అది సపోర్ట్ దగ్గర కొనడం కాదు, సపోర్ట్‌కు ఏడున్నర పాయింట్ల పైన కొనడం. పచ్చ క్యాండిల్ చూసి మనసాగలేదు. అదే 485కి ఆర్డర్ పెట్టి కూర్చుంటే 477.5కి దూరం 7.5, టార్గెట్‌కు 21. లెక్క ఎంత మారిపోయిందో చూడండి. 485 రాకపోతే? ట్రేడ్ లేదు. అవును, కొన్నిసార్లు మనం లేకుండానే ధర వెళ్ళిపోతుంది. ఆ ఖర్చు ఒప్పుకోలేనివాళ్ళే 490కి కొంటారు.

ఇంకో దారి ఉంది, నేను ఎక్కువగా వాడేది ఇదే. కుప్ప పేలేదాకా అసలు కొనకపోవడం. 482 పోనివ్వండి. 480 పోనివ్వండి. క్లోజ్ ఎక్కడో చూడండి. మన చార్ట్‌లో 486 దగ్గర క్లోజ్ అయింది, అంటే విరిగిన గీతకు పైన. మర్నాడు 486 దగ్గర కొంటే స్టాప్ 478, ఆ రోజు లో 478.8కి కింద. దూరం 8. క్వాంటిటీ వంద. తమ్ముడు మొదట పెట్టిన లెక్కే కదా ఇది? అదే 8, అదే వంద, అదే 800. టార్గెట్ మాత్రం 16 కాదు, 20 దూరంలో ఉంది.

(సభలోంచి ఒక మహిళ: సార్, ఇప్పుడూ లో కి అర పాయింట్, పాయింట్ కిందే పెట్టారు. ఏటీఆర్ కంటే తక్కువే ఉంది. ఇదీ పోతుంది కదా?)

పోతుందమ్మా, పోవచ్చు. బాగా పట్టుకున్నారు. తేడా ఏమిటంటే, 482, 480 కింద ఉన్న ఆర్డర్లు చాలావరకు నిన్ననే ఖర్చయిపోయాయి. ఆ అమ్మకమంతా ఎవరో మింగారు, మింగారు కాబట్టే 486కి లేచింది. ఆ మింగినవాడు ఇంకా ఉన్నాడన్నదే మన ట్రేడ్‌కు ఆధారం. ధర మళ్ళీ 478 కిందకి వచ్చిందంటే వాడు లేడు, లేదా చాలలేదు. మన ఆలోచనే తప్పయింది, బయటికి రావాల్సిందే. మొదటి స్టాప్ 482 పోయినప్పుడు ఆలోచన తప్పని తేలలేదు, ఊపు మాత్రమే తెలిసింది. ఇది పోతే మాత్రం ఆలోచన తప్పని తెలుస్తుంది. అయినా రెండోసారి కూడా కిందకి ఊడ్చి పైకొచ్చే రోజులు ఉంటాయి. అందుకే 478 బదులు ఇంకో రెండు పాయింట్లు వదిలి క్వాంటిటీ తగ్గించుకుంటానంటే నేను వద్దనను.

ఈ పద్ధతిలో అసలు ప్రమాదం వేరే ఉంది. నిజంగానే విరిగిపోయిన సపోర్ట్‌ను చూసి, వెనక్కి వస్తుందిలే అని కొనెయ్యడం. రెంటికీ తేడా ఎలా తెలుస్తుంది? వాల్యూమ్ చూస్తామంటారు. వాల్యూమ్ రెండింటిలోనూ పెరుగుతుంది, స్టాపులు రెండు సందర్భాల్లోనూ పేలతాయి కదా. చూడాల్సింది, అంత వాల్యూమ్ పడి ధర ఎంత దూరం దిగింది అని. మన చార్ట్‌లో 15 నిమిషాల క్యాండిళ్ళు తీసి చూస్తే, అన్నిటికన్నా ఎక్కువ వాల్యూమ్ పడిన క్యాండిల్‌కు కింద పొడుగు విక్ ఉండి, తర్వాతి క్యాండిల్ దాని లో ని దాటలేకపోతుంది. అమ్మకం దండిగా ఉంది, ధర మాత్రం దిగనంటోంది. నిజమైన బ్రేక్‌డౌన్‌లో అలా ఉండదు. రోజు క్లోజ్ గీత కింద, దాదాపు ఆ రోజు లో దగ్గరే పడుతుంది. ఒకటి రెండు రోజుల్లో ధర కింది నుంచి 482 దాకా వచ్చి, అక్కడ దెబ్బ తిని మళ్ళీ దిగుతుంది. సపోర్ట్ కాస్తా రెసిస్టెన్స్ అయిందన్నమాట. అందుకే క్లోజ్ కోసం ఆగమంటున్నాను. పదకొండు గంటలకు 483 చూసి ఎగిరి కొంటే, సాయంత్రానికి 476 కావచ్చు.

(సభలోంచి: అయితే స్టాప్ ఆర్డర్ పెట్టకుండా, క్లోజ్ కిందపడితేనే బయటికొద్దామా?)

కొందరు చేస్తారు. విక్‌లు కొట్టవు, నిజమే. కానీ చెడు వార్త వచ్చి మర్నాడు 465 దగ్గర ఓపెన్ అయితే? గ్యాప్ విషయంలో స్టాప్ ఆర్డర్ కూడా ఏమీ చెయ్యలేదు, ఓపెన్ అయిన చోటే అమ్ముడుపోతుంది. కానీ అదే రోజులో ధర కుప్పకూలితే ఆర్డర్ ఉన్నవాడు బయటపడతాడు, క్లోజ్ కోసం కూర్చున్నవాడు కూర్చునే ఉంటాడు. క్లోజ్ పద్ధతి పాటించేవాళ్ళు చాలా కింద ఇంకో అసలు స్టాప్ ఆర్డర్ పెట్టి, క్వాంటిటీ దాన్ని బట్టి లెక్కేసుకుంటారు. అలా అయితే సరే. మనసులో స్టాప్ ఉందనే మాట మాత్రం నా దగ్గర అనకండి.

(నవ్వులు)

ఇంకొక్క ప్రశ్న తీసుకుంటాను. ఆ చివర, చెప్పండి.

(సభలోంచి: షార్ట్ చేసినప్పుడు, చార్ట్‌లో ధర నా స్టాప్‌ను తాకనే లేదు, అయినా ఎస్ఎల్ కొట్టింది. ఇదెలా?)

ఏ మార్కెట్ మీది? కరెన్సీ, సీఎఫ్‌డీలా? అయితే చూసుకోండి, అక్కడ చాలా ప్లాట్‌ఫారాల్లో చార్ట్ గీసేది బిడ్ ధరతో. షార్ట్ నుంచి బయటికి రావాలంటే మీరు కొనాలి, కొనేది ఆస్క్ ధరకు. మీ స్టాప్ ట్రిగ్గర్ అయ్యేది ఆస్క్ తాకినప్పుడు. బిడ్‌కూ ఆస్క్‌కూ మధ్య స్ప్రెడ్ ఉంటుంది. రోజు మారే వేళ, పెద్ద వార్తల వేళ అది వెడల్పవుతుంది. అప్పుడు చార్ట్‌లో ధర కదలకపోయినా ఆస్క్ పైకి పోయి మీ స్టాప్‌ను తాకుతుంది. సెట్టింగ్స్‌లో ఆస్క్ గీత చూపించే ఆప్షన్ ఉంటే ఆన్ చెయ్యండి. షార్ట్ స్టాప్ పెట్టేటప్పుడు, ఇందాక చెప్పిన ఏటీఆర్ దూరానికి మామూలు స్ప్రెడ్ కాకుండా ఆ వేళల్లో ఉండే స్ప్రెడ్ కలిపి పెట్టండి. ఎక్స్ఛేంజ్‌లో షేర్లు ట్రేడ్ చేసేవాళ్ళకు ట్రిగ్గర్ సాధారణంగా చివరగా జరిగిన ట్రేడ్ ధర మీద ఆధారపడుతుంది కాబట్టి ఈ బెడద ఉండదు. మీ బ్రోకర్ ఏ ధరతో ట్రిగ్గర్ చేస్తాడో ఆర్డర్ల నియమాల్లో రాసి ఉంటుంది, ఈ రాత్రే తీసి చదవండి.